3 ఏటీఆర్‌కూ 6 ఏటీఆర్‌కూ మధ్య: సూపర్‌ట్రెండ్, పారబాలిక్ ఎస్ఏఆర్ ఇరుక్కునే చోటు

(హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లో ఒక ఆదివారం ఉదయం, చిన్న ట్రేడర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఎల్బీ నగర్ నుంచి, మియాపూర్ నుంచి కూడా వచ్చినవాళ్లు ఉన్నారని చెప్పారు, చాలా సంతోషం. నాకు ఇచ్చిన విషయం ట్రెండ్ వెంట నడిచే ఇండికేటర్లు. అది చాలా పెద్దది. అందులోంచి ఒక్క ముక్క తీసుకుని దాన్నే నిదానంగా చూద్దాం.

మీలో చాలామంది 15 నిమిషాల చార్ట్ మీద సూపర్‌ట్రెండ్ పెట్టుకుంటారు. పచ్చగీత వస్తే కొంటారు, ఎర్రగీత వస్తే అమ్ముతారు. మార్కెట్ ఒకే దిక్కుకు నడిచిన రోజు ఒక్క సిగ్నల్‌తోనే రోజంతా గడిచిపోతుంది. మరుసటి రోజు అదే గీత పొద్దున కొనమంటుంది, గంటన్నరకు అమ్మమంటుంది, భోజనం వేళకు మళ్లీ కొనమంటుంది, ప్రతిసారీ కొంత డబ్బు పోతుంది. దీన్నే విప్‌సా అంటున్నాం. ఎందుకిలా అని అడిగితే "సైడ్‌వేస్‌లో సూపర్‌ట్రెండ్ పనిచేయదు" అనే జవాబే అందరి దగ్గరా వినిపిస్తుంది.

ఆ జవాబు సగమే నిజం. ఒక రకం సైడ్‌వేస్‌లో సూపర్‌ట్రెండ్ అసలు రంగే మార్చదు, కాబట్టి నష్టమూ ఉండదు. ఇంకో రకం సైడ్‌వేస్‌లో లాభం కూడా ఇస్తుంది. ఆ రెండింటి మధ్య ఒక వెడల్పు ఉంది. ధర ఆ వెడల్పులో ఊగుతున్నంతసేపూ వచ్చే ప్రతి సిగ్నల్ నష్టానికే. ఆ వెడల్పును మామూలు కూడికలు, తీసివేతలతో పట్టుకోవచ్చు. ఇవాళ చేయబోయేది అదే.

ముందు గీత ఎలా పుడుతుందో చూద్దాం. దానికి మూలం ఏటీఆర్, అంటే ఒక్కో క్యాండిల్ సగటున ఎంత కదులుతోందన్న లెక్క. క్యాండిల్ హై నుంచి లో వరకు ఉన్న దూరం తీసుకుంటాం. గ్యాప్‌తో తెరుచుకుంటే ఆ గ్యాప్‌ను కూడా కలుపుకుంటాం. ఇక సూపర్‌ట్రెండ్ 10, 3 అంటే 10 క్యాండిళ్ల ఏటీఆర్, దానికి 3 రెట్లు. ప్రతి క్యాండిల్ హైనీ లోనీ కూడి సగం చేస్తే మధ్య బిందువు వస్తుంది. అక్కడి నుంచి 3 ఏటీఆర్‌లు పైన ఒక పట్టీ, 3 ఏటీఆర్‌లు కింద ఒక పట్టీ. ధర పెరుగుతున్నప్పుడు మనకు కనిపించేది కింది పట్టీ. అది పైకి జరుగుతుంది గానీ వెనక్కి దిగదు. క్యాండిల్ దాని కింద క్లోజ్ అయితే అప్పుడు రంగు మారి పై పట్టీ కనిపిస్తుంది. క్లోజ్ కావాలన్న మాట గుర్తుంచుకోండి. మధ్యలో తాకి వెనక్కి వస్తే సూపర్‌ట్రెండ్ పట్టించుకోదు.

ఇప్పుడు ఒక షేరు తీసుకుందాం. పేరు అక్కర్లేదు, లెక్క తేలిగ్గా ఉండాలని 1000 రూపాయల దగ్గర తిరుగుతోందనుకుందాం. 15 నిమిషాల చార్ట్‌లో ఏటీఆర్ 10 రూపాయలు. ధర పైకి వెళ్లినప్పుడు శిఖరం దగ్గరి క్యాండిల్ మధ్య బిందువు 1020. కిందికి వచ్చినప్పుడు అడుగు క్యాండిల్ మధ్య బిందువు 980. అంటే 40 రూపాయల మధ్య, 4 ఏటీఆర్‌ల వెడల్పులో ఊగుతోంది.

శిఖరం 1020 దగ్గర ఉన్నప్పుడు కింది పట్టీ ఎక్కడుంటుంది? 1020లోంచి 30 తీసేస్తే 990. ధర దిగడం మొదలైంది. 1005, 998, 992, ఇంకా పచ్చగానే ఉంది. 989 దగ్గర ఒక క్యాండిల్ క్లోజ్ అయింది. రంగు మారింది, అమ్మాం. ఇక్కడి నుంచి కింద మిగిలిన చోటెంత? అడుగు 980. తొమ్మిది రూపాయలే. ధర 980కి వెళ్లి ఆగింది. అప్పుడు పై పట్టీ 980కి 30 కలిపితే 1010. ధర తిరిగి లేచింది. 1011 దగ్గర క్లోజ్ అయ్యేసరికి పచ్చగీత వచ్చింది. 989 దగ్గర అమ్మింది 1011 దగ్గర కొన్నాం, 22 రూపాయలు పోయాయి. ఇప్పుడు 1011 దగ్గర కొని ఉన్నాం, పైన మిగిలింది మళ్లీ తొమ్మిది రూపాయలే. 1020 తాకి, దిగి, 989 దగ్గర క్లోజ్ అవుతుంది. ఇంకో 22. షేరు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఒక్కో మలుపుకూ 22 చొప్పున, దాని మీద బ్రోకరేజీ, ఎస్‌టీటీ అదనం.

ఈ 22 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. అడుగు నుంచి 3 ఏటీఆర్‌లు లేచాకే కొంటాం. శిఖరం నుంచి 3 ఏటీఆర్‌లు దిగాకే అమ్ముతాం. వెళ్లేటప్పుడు 3, వచ్చేటప్పుడు 3, మొత్తం 6 ఏటీఆర్‌లు సిగ్నల్ కోసమే ఖర్చవుతున్నాయి. మన షేరుకు అది 60 రూపాయలు. ఊగే వెడల్పు 40. తేడా 20. క్లోజ్ కోసం ఆగడం వల్ల అటొక రూపాయి, ఇటొక రూపాయి కలిసి 22 అయింది.

ఇదే లెక్కను వేరే వెడల్పులకు వేద్దాం. ధర 25 రూపాయల మధ్యే ఊగుతుంటే శిఖరం నుంచి 30 దిగే అవకాశమే లేదు. గీత రంగు మార్చదు, మీరు నిమ్మళంగా ఉంటారు. 32 రూపాయల మధ్య ఊగితే? అప్పుడు సరిగ్గా అడుగు దగ్గర అమ్మిస్తుంది, సరిగ్గా శిఖరం దగ్గర కొనిపిస్తుంది. నష్టం దాదాపు 28, అంటే అన్నిటికన్నా చెడ్డ పరిస్థితి ఇది. 40 అయితే 20, 50 అయితే 10, 60కి లాభనష్టాలు లేవు, చార్జీలే నష్టం. 80 రూపాయల వెడల్పులో ఊగితే అదీ సైడ్‌వేసే, కానీ ఒక్కో మలుపుకూ 20 రూపాయల దాకా మిగులుతుంది. కాబట్టి ప్రమాదమంతా 3 ఏటీఆర్‌లకూ 6 ఏటీఆర్‌లకూ మధ్యనే ఉంది, అందులోనూ 3కి దగ్గరగా ఉన్నకొద్దీ ఎక్కువ.

ఒక చిన్న జాగ్రత్త. నేను చెప్పిన వెడల్పు మధ్య బిందువు నుంచి మధ్య బిందువుకు. మీరు చార్ట్‌లో హై నుంచి లో వరకు గీత గీసి కొలిస్తే ఇంచుమించు ఇంకో ఏటీఆర్ కలుస్తుంది. మన షేరుకు హై 1025, లో 975 కనిపిస్తాయి, అంటే 50. అందులోంచి ఒక ఏటీఆర్ తీసేసి చూసుకోండి.

ఇక్కడ అందరికీ వచ్చే ఆలోచన, 3 బదులు 4 పెడితే సరిపోతుంది కదా అని. 4 పెడితే ప్రమాదం 40కీ 80కీ మధ్యకు మారుతుంది. 2 పెడితే 20కీ 40కీ మధ్యకు వస్తుంది. ఇరుక్కునే చోటు మాయం కాదు, జరుగుతుంది. పైగా 4తో దాని వెడల్పు ఇంకా పెరిగింది, 30 రూపాయలుండేది 40 అయింది. నిన్నటి మార్కెట్ 32 రూపాయల మధ్య ఊగి మిమ్మల్ని ఏడిపించిందని ఇవాళ 4 పెడితే, ఇవాళ అది 45 మధ్య ఊగొచ్చు. అప్పుడు నష్టం 35, ముందటి సెట్టింగ్‌తో 15 మాత్రమే పోయేది. ప్రతి నష్టం తర్వాతా సెట్టింగ్ మార్చేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే వాళ్ల కష్టమంతా అయిపోయిన మార్కెట్‌కు సరిపోయే అంకె వెతకడానికే పోతోంది.

ఇంతవరకు ఏటీఆర్ 10 దగ్గర కదలకుండా ఉందనుకున్నాం. నిజానికి అది రోజంతా మారుతూనే ఉంటుంది. మన దగ్గర మధ్యాహ్నం ఎక్కువ విప్‌సాలు రావడానికి ఇదొక ముఖ్య కారణం.

9:15కి మార్కెట్ గ్యాప్‌తో తెరుచుకుంది. మొదటి క్యాండిల్ కదలిక గ్యాప్‌తో కలిపి 60 రూపాయలు అనుకుందాం. ఏటీఆర్‌ను సాధారణంగా లెక్కగట్టే పద్ధతిలో కొత్త క్యాండిల్‌కు పదో వంతు, పాత ఏటీఆర్‌కు తొమ్మిది వంతులు. 10 ఉన్న ఏటీఆర్ ఒక్క క్యాండిల్‌తో 15 అవుతుంది. అంటే 9:30కి పట్టీ దూరం 45 రూపాయలు. ఆ తర్వాత మార్కెట్ చల్లబడి ఒక్కో క్యాండిల్ 6 రూపాయలే కదులుతోంది. 15 క్యాండిళ్లు గడిచి మధ్యాహ్నం 1:15 అయ్యేసరికి ఏటీఆర్ 8 కన్నా కొంచెం కిందికి వస్తుంది. పట్టీ దూరం 24కు కాస్త తక్కువ.

ఇప్పుడు పట్టీ వెనక్కి దిగదన్న సంగతి గుర్తు చేసుకోండి. ధర అక్కడే ఉంది, కానీ ఏటీఆర్ తగ్గినకొద్దీ కింది పట్టీ ఒక్కో రూపాయి పైకి పాకుతూ ధర పక్కకు వచ్చింది. యూరప్ మార్కెట్లు తెరుచుకునే వేళకు మన దగ్గర కదలిక మళ్లీ పెరుగుతుంది, క్యాండిళ్లు 12, 15 రూపాయలవుతాయి. పట్టీ మాత్రం ప్రశాంతంగా ఉన్నప్పటి దూరంలోనే ఇరుక్కుని ఉంది. రెండు క్యాండిళ్లు అటో ఇటో ఊగితే చాలు, రంగు మారుతుంది. పొద్దున 40 రూపాయల ఊపు పట్టీని తాకలేకపోయింది, మధ్యాహ్నం 25 రూపాయల ఊపు తాకింది. హైటెక్ సిటీలో ఆఫీసు చేసుకుంటూ లంచ్ టైమ్‌లో ఫోన్ తెరిచి, అప్పుడే మారిన రంగు చూసి ఆర్డర్ పెట్టేవాళ్లు ఈ ఒక్క విషయం పట్టించుకోవాలి. ఆ రంగు మారింది ధర బలంతోనా, ఏటీఆర్ కుంచించుకుపోవడం వల్లనా అని చూడండి. గీత గంటసేపు మెల్లగా ధర వైపు పాకుతూ వచ్చి తగిలితే రెండోదే.

ఇక పారబాలిక్ ఎస్ఏఆర్. ఇది జె. వెల్స్ వైల్డర్ 1978లో ప్రచురించింది. ఏటీఆర్, ఆర్‌ఎస్‌ఐ, ఏడీఎక్స్ కూడా ఆయనవే. ఎస్ఏఆర్ అంటే ఆపు, తిప్పు. చార్ట్‌లో క్యాండిళ్ల కిందో పైనో కనిపించే దీని చుక్క ధరకు తగిలితే ఉన్న పొజిషన్ మూసి వెంటనే ఎదురు పొజిషన్ తీసుకోవాలి. ఇక్కడ క్లోజ్ కోసం ఆగడం లేదు, తాకితే చాలు.

సూపర్‌ట్రెండ్‌కూ దీనికీ అసలు తేడా కాలం దగ్గర ఉంది. లెక్క తెర మీద ఉంది, ఒక్క లైనే.

```
SAR(next) = SAR + AF × (EP − SAR)
```

EP అంటే కొన్న పొజిషన్‌లో ఇంతవరకు వచ్చిన గరిష్ఠ ధర, అమ్మిన పొజిషన్‌లో అయితే కనిష్ఠ ధర. AF అంటే చుక్క నడిచే వేగం, అది 0.02తో మొదలవుతుంది, కొత్త EP వచ్చినప్పుడల్లా 0.02 పెరుగుతుంది, 0.20 దగ్గర ఆగుతుంది. కొత్త గరిష్ఠాలు రాకపోతే AF పెరగదు. కానీ చుక్క ఆగదు. ప్రతి క్యాండిల్‌కూ మిగిలిన దూరంలో కొంత భాగం నడుస్తూనే ఉంటుంది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆటో ఆగినా మీటర్ తిరిగినట్టే, ధర నిలబడినా ఎస్ఏఆర్ దగ్గరకు వస్తూనే ఉంటుంది.

అంకెల్లో చూద్దాం. అదే షేరు పెరిగి 1020 తాకింది. దారిలో కొత్త గరిష్ఠాలు వచ్చి AF 0.10 అయింది. చుక్క 990 దగ్గర ఉంది. గరిష్ఠానికీ చుక్కకూ దూరం 30. ఇప్పుడు ధర 1006కూ 1018కీ మధ్య ఊరికే నిలబడింది. ప్రతి క్యాండిల్‌కూ ఆ దూరంలో పదో వంతు తగ్గుతుంది. 30 కాస్తా 27, 24, 22, 20, అలా ఎనిమిదో క్యాండిల్‌కు 13 అవుతుంది. చుక్క 1007కు చేరింది. గత రెండు క్యాండిళ్ల లో కన్నా పైకి చుక్క పోకూడదన్న నియమం ఒకటుంది, అది ఒకటి రెండు క్యాండిళ్లు ఆపుతుందంతే. లో ఒక్కసారి 1006కు జారగానే చుక్క తగిలి, మీరు శిఖరానికి 13 రూపాయల దిగువన అమ్మేసి ఉంటారు. అప్పుడు చుక్క 1020కి దూకుతుంది, AF మళ్లీ 0.02. ఈసారి నెమ్మదిగా దిగుతూ, ఎనిమిది క్యాండిళ్ల తర్వాత 1018 దగ్గర ఉంటుంది. ధర తన మామూలు ఊపులో 1018కి వస్తే మళ్లీ తిప్పుతుంది. 11 రూపాయల నష్టం.

ఇదే చోట సూపర్‌ట్రెండ్ ఏం చేసింది? దాని పట్టీ 985 దగ్గర ఉంది, ధర 1006 కిందికి రాలేదు, ఏమీ చేయలేదు. చూశారా, ఒక ఏటీఆర్‌కు కాస్త మించిన ఊపుకే ఎస్ఏఆర్ తిరిగిపోతుంది. ఇరుకు రేంజ్‌లో ఎస్ఏఆర్ దెబ్బతింటుంది, మధ్య రకం రేంజ్‌లో సూపర్‌ట్రెండ్ దెబ్బతింటుంది. అందుకే ఎస్ఏఆర్‌ను ఆపడానికి మాత్రం వాడి, తిప్పడానికి వాడవద్దని నా గట్టి అభిప్రాయం. బాగా పరుగెత్తిన పొజిషన్‌లో లాభం కాపాడుకోవడానికి కాలంతోపాటు బిగిసే స్టాప్ చాలా మంచి సాధనం. పరుగు ఆగి ఎనిమిది క్యాండిళ్లయితే బయటికి రావడంలో తప్పులేదు. అదే క్షణంలో ఎదురు పొజిషన్ తీసుకోవడానికి మాత్రం ఆ చుక్క దగ్గర ఏ ఆధారమూ లేదు. ధర పడిందని అది చెప్పడం లేదు, టైమ్ అయిపోయిందని మాత్రమే చెబుతోంది.

సరే, ఇరుక్కున్నామని ఎలా తెలుస్తుంది? రెండు గుర్తులు చాలు. మొదటిది, చార్ట్‌లో గత రెండు మూడు సిగ్నళ్ల ధరలు రాసుకోండి. కొనమన్న ధర 1011, అమ్మమన్న ధర 989. కొన్న ధర కన్నా అమ్మిన ధర వరసగా తక్కువగా ఉంటే, ఆ రెండు సిగ్నళ్లూ ఒకే హై లో మధ్యే పుట్టి ఉంటే, మీరు ఆ వెడల్పులోనే ఉన్నారు. దీనికోసం డబ్బు పెట్టి ట్రేడ్ చేయక్కర్లేదు, చార్ట్ చూస్తే చాలు. రెండోది, ఇప్పటి రేంజ్‌ను ఇప్పటి ఏటీఆర్‌తో భాగించండి. హై లో తేడా 50, ఏటీఆర్ 10. 5 వచ్చింది, ఒకటి తీసేస్తే 4. మూడుకూ ఆరుకూ మధ్య ఉంది, కాబట్టి రేంజ్ లోపల వచ్చే రంగుమార్పును వదిలేయాలి.

(సభలోంచి ఒకరు ఏడీఎక్స్ 20 కిందికి వస్తే ఆగిపోతే సరిపోతుంది కదా అని అడిగారు.)

మంచి ప్రశ్న అండి. ట్రెండ్ ఎంత బలంగా ఉందో కొలవడానికే వైల్డర్ దాన్ని తయారుచేశారు. ఇబ్బంది ఎక్కడంటే, ఏడీఎక్స్ సగటు మీద సగటు. 14 క్యాండిళ్లతో ఒకసారి నునుపు చేసి, వచ్చినదాన్ని మళ్లీ 14తో నునుపు చేస్తారు. ఎన్‌ఎస్‌ఈలో రోజుకు 15 నిమిషాల క్యాండిళ్లు 25 మాత్రమే. పొద్దున మంచి ట్రెండ్ నడిస్తే మధ్యాహ్నం సైడ్‌వేస్‌లోకి వచ్చాక కూడా ఏడీఎక్స్ 30 చూపిస్తూ ఉండొచ్చు. అది పడేసరికి రెండు విప్‌సాలు అయిపోతాయి. రోజువారీ చార్ట్‌లో అది ఎక్కువ పనికొస్తుంది. ఇంట్రాడేలో నేను రేంజ్‌నూ ఏటీఆర్‌నూ నేరుగా చూడమంటాను.

(సూపర్‌ట్రెండ్, ఎస్ఏఆర్ రెండూ ఒకే దిక్కు చూపిస్తేనే ట్రేడ్ చేయవచ్చా అని ఇంకొకరు అడిగారు.)

చేయవచ్చు, కానీ దాన్ని రెండు సాక్ష్యాలుగా లెక్కపెట్టకండి. రెండూ అదే ధర నుంచి పుట్టినవే. పైగా ఎస్ఏఆర్ దాదాపు ఎప్పుడూ ముందే తిరిగి ఉంటుంది. అంటే రెండూ కలిసే వరకు ఆగడమంటే సూపర్‌ట్రెండ్ కోసం ఆగడమే. 1011 దగ్గర కొనే ట్రేడ్ మళ్లీ 1011 దగ్గరే కొంటారు.

(రేంజ్ లోపలి సిగ్నళ్లు వదిలేస్తే అసలు ట్రెండ్ మొదలైనప్పుడు ఎక్కడ ఎక్కాలి అని ఒక అమ్మ అడిగారు.)

ఇదే కష్టమైన భాగం అమ్మా. దీనికి ఖర్చు లేని జవాబు లేదు. మన షేరు హై 1025. ఒక క్యాండిల్ దాని పైన, 1027 దగ్గర క్లోజ్ అయ్యాక కొంటామనుకుందాం. సూపర్‌ట్రెండ్ 1011కే కొనమంది, మీరు 16 రూపాయలు ఎక్కువ పెట్టారు. దానికి బదులు లోపలి రెండు మలుపులు వదిలేసి ఉంటే 44 రూపాయలు మిగిలాయి. ఒక్క మలుపే వదిలినా 22 మిగిలాయి కాబట్టి నష్టం లేదు. మొదటి రంగుమార్పే నిజమైన ట్రెండ్ అయిన రోజు మాత్రం ఆ 16 పూర్తిగా మీ చేతి నుంచి పోయినట్టే.

ఇంకో సంగతి, 1027 దగ్గర క్లోజ్ అయ్యాక కూడా ధర మళ్లీ రేంజ్‌లోకి పడిపోవచ్చు. అప్పుడు సూపర్‌ట్రెండ్ పట్టీ 995 దగ్గర ఎక్కడో ఉంటుంది, దాన్ని స్టాప్‌గా పెట్టుకుంటే 32 పోతుంది. నేనైతే రేంజ్ మధ్య, 1000 దగ్గర స్టాప్ పెడతాను. బ్రేక్ నిజమైతే ధర మళ్లీ సగం దాకా రావాల్సిన పని లేదు. అప్పుడు రిస్క్ 27 రూపాయలు. ఒక్క ట్రేడ్‌లో 5,400 మించి పోగొట్టుకోను అనుకుంటే 200 షేర్లే కొనాలి, ఆ అంకె 1027 రాకముందే కాగితం మీద ఉండాలి. పొజిషన్ లాభంలోకి వెళ్లి పట్టీ 1000 దాటి పైకి వచ్చాక స్టాప్‌ను సూపర్‌ట్రెండ్ చేతికి ఇచ్చేయండి, అక్కడి నుంచి దాని పని అది బాగా చేస్తుంది.